రూమ్మేట్‌ని తెచ్చుకోనా ఆంటీ?

నవంబరు మొదటి ఆదివారం పొద్దున్నే, నిజాంపేట ఫ్లాట్‌లో అద్దెకుంటున్న అమ్మాయి వాట్సాప్‌లో మెసేజ్ పెట్టింది. "ఆంటీ, అక్కకి పుణె ట్రాన్స్‌ఫర్ అయింది, ఈ నెలాఖరుకి వెళ్ళిపోతోంది. ఇరవైనాలుగు వేలు ఒక్కదాన్నే కట్టడం కష్టం. మా ఆఫీసులో ఒకమ్మాయి రెండో రూమ్‌లో ఉంటానంటోంది. తెచ్చుకోనా?"

అగ్రిమెంటు జూన్ ఒకటిన రాసుకున్నాం, పదకొండు నెలలకి. అందులో అక్కాచెల్లెళ్ళు ఇద్దరూ ఉంటారని చెప్పుకున్నాం కానీ సంతకం పెట్టింది చెల్లెలొక్కతే. అద్దె 24,000, మెయింటెనెన్స్ 2,500, అడ్వాన్స్ రెండు నెలల అద్దె, అంటే 48,000. ఈ ఐదు నెలల్లో ఒక్కసారి కూడా మూడో తారీఖు దాటలేదు.

మెసేజ్ చదివి వినిపిస్తే మావారు పేపర్లోంచి తలెత్తకుండానే "వద్దని చెప్పేయ్" అన్నారు. ఆయన అలా అనడానికి కారణముంది, అది కింద చెప్తాను. నేనూ "వద్దులేమ్మా" అని టైప్ చేశాను. పంపలేక కాసేపు ఫోన్ పట్టుకుని కూర్చున్నాను. ఆపింది ఒకటే ఆలోచన: ఈ పిల్ల అడిగింది. అడక్కుండా తెచ్చుకుని ఉంటే కూకట్‌పల్లిలో ఉండే నాకు ఎప్పటికి తెలిసేది? "మా కజిన్ వచ్చింది ఆంటీ" అని వాచ్‌మన్‌తో అనిపిస్తే సరిపోయేది. నేను వద్దంటే ఈసారికి ఆగుతుందేమో. వచ్చేసారి మాత్రం అడగదు. ఇంకో ఇంట్లో ఇంకో ఓనర్‌ని కూడా అడగదు.

అప్పటినుంచి ఈ విషయం మీద చాలా ఆలోచించాను, ఇద్దరు ముగ్గురిని అడిగాను, కొంత చదివాను. నాకు తేలింది ఇది. మధ్యలో రూమ్మేట్‌ని తెచ్చుకుంటానంటే ఓనర్ ఒప్పుకోవడమే మంచిది, కానీ ఆ ఒప్పుకోలు నోటిమాటగా ఉండకూడదు. వచ్చే మనిషి అద్దెకున్నవాళ్ళ దగ్గర అద్దెకుండే మనిషిగా కాకుండా, నేరుగా నా దగ్గర సంతకం పెట్టిన మనిషిగా రావాలి. ఇది అందరూ ఒప్పుకునే మాట కాదని తెలుసు. మా తమ్ముడి స్నేహితుడు, సివిల్ కేసులు చూసే లాయరు, ఆయనే ఒప్పుకోలేదు.

ముప్పై వేలు ఎవరివి

మావారు వద్దనడానికి కారణమైన సంగతి ఏడెనిమిదేళ్ళ కిందటిది. అప్పుడు ఇదే ఫ్లాట్‌కి అద్దె 15,000, అడ్వాన్స్ 30,000. ఐటీలో పనిచేసే అబ్బాయి ఉండేవాడు. ఒకరోజు ఫోన్ చేసి "అంకుల్, మా ఫ్రెండ్ కూడా ఉంటాడు" అన్నాడు. మావారు "సరే బాబూ, గోల చేయకండి" అన్నారు. అంతే, ఇంకేం మాట్లాడుకోలేదు. రెండు నెలల తర్వాతి నుంచి అద్దె ఆ ఫ్రెండ్ అకౌంట్ నుంచి రావడం మొదలైంది. డబ్బు వస్తోంది కదా అని మేం పట్టించుకోలేదు.

అగ్రిమెంటు ముగియడానికి ముందే మొదటబ్బాయికి బెంగళూరులో ఉద్యోగమొచ్చింది. "అడ్వాన్స్ నేను మా ఫ్రెండ్ దగ్గర తీసుకుంటాను అంకుల్, మీకు ఇబ్బందేం ఉండదు" అన్నాడు. మాకూ అదే సుఖమనిపించింది. చేతిలోంచి డబ్బు తీసే పనిలేదు, ఇల్లు ఖాళీగా ఉండదు. ఫ్రెండ్ ఇంకో ఐదు నెలలున్నాడు. చివరి రెండు నెలలు అద్దె కట్టకుండా "అడ్వాన్స్‌లో సరిపెట్టుకోండి" అని చెప్పి తాళాలు వాచ్‌మన్‌కిచ్చి వెళ్ళిపోయాడు. రెండు నెలలకి 30,000, లెక్క సరిపోయింది. కరెంటు బిల్లు మూడు వేల చిల్లర, కిచెన్‌లో పగిలిన సింకు, హాల్లో గోడకి పెద్ద టీవీ బిగించి పీకేసిన ఆరు రంధ్రాలు మా నెత్తినపడ్డాయి.

అదొక్కటే అయితే మర్చిపోయేవాళ్ళం. వారం తర్వాత బెంగళూరు నుంచి మొదటబ్బాయి ఫోన్ చేశాడు. ఫ్రెండ్ తనకి 15,000 మాత్రమే ఇచ్చాడట, మిగతా పదిహేను ఇవ్వలేదట. "అడ్వాన్స్ నా పేరు మీద ఉంది కదా అంకుల్, నా పదిహేను నాకు పంపించండి" అన్నాడు. ఫ్రెండ్‌ని అడిగితే మొత్తం ముప్పై ఇచ్చేశానన్నాడు, అందులో కొంత చేతికిచ్చానన్నాడు. అగ్రిమెంటులో ఉన్నది మొదటబ్బాయి పేరే. ఏడు నెలలు అద్దె వచ్చింది రెండో అబ్బాయి దగ్గర్నుంచి. ఇద్దరిలో ఎవరు అబద్ధమాడుతున్నారో మాకు తెలియదు, ఇప్పటికీ తెలియదు. మొదటబ్బాయి రెండు నెలలపాటు ఫోన్లు చేశాడు. చివర్లో మాట దురుసుగా వచ్చింది. మావారు అతని నంబరు బ్లాక్ చేశారు. ఆ అబ్బాయి చెప్పింది నిజమైతే అతనికి అన్యాయం జరిగింది, అందులో మా నిర్లక్ష్యానికి భాగముంది.

ఈ సంగతి చూసి మావారు నేర్చుకున్నది రూమ్మేట్ల జోలికి పోకూడదని. నాకు కనపడింది వేరు. ఆ రెండో అబ్బాయి రావడం వల్ల మాకు ఏ నష్టమూ జరగలేదు. మొదటివాడు వెళ్ళిపోయిన రోజున ఆ ఇంట్లో ఎవరున్నారో, ఆ ముప్పై వేలు ఎవరివో కాగితం మీద లేకపోవడం వల్లే జరిగింది.

సబ్‌లెట్ చేయరాదు అంటే

మన అగ్రిమెంట్లన్నీ స్టాంపు వెండర్ దగ్గర టైపిస్టు కంప్యూటర్లో ఉన్న ఒకే నమూనా. పేరు, ఫ్లాట్ నంబరు, అద్దె మారతాయి. "అద్దెదారు ఇంటిని సబ్‌లెట్ చేయరాదు" అన్న లైను ప్రతిదాంట్లో ఉంటుంది. ఆ లైను ఉంది కాబట్టి మనం వద్దంటే వద్దే అని చాలామంది ఓనర్లు అనుకుంటారు. నేనూ అలాగే అనుకున్నాను. ఆ లైను ఎంత ముఖ్యమో, అదే సమయంలో ఎంత చాలనిదో ఈసారే అర్థమైంది.

ముఖ్యం ఎందుకంటే, ఆ లైనే లేకపోతే చట్టం అద్దెదారు వైపుంది. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టంలో 108వ సెక్షన్ ఉంది. అగ్రిమెంటులో వేరేగా రాసుకోకపోతే, స్థానిక ఆచారం అడ్డురాకపోతే, అద్దెదారు తన హక్కుని మొత్తంగా గానీ కొంతభాగం గానీ సబ్‌లీజుకి ఇచ్చుకోవచ్చని అది చెప్తుంది. ఇస్తే తన బాధ్యత మాత్రం పోదు. ఈ మాట లాయరు చెప్పినప్పుడు నమ్మలేక రెండుసార్లు అడిగాను. మరి అద్దె నియంత్రణ చట్టం సంగతేమిటన్నాను. 1960 నాటి ఆ చట్టంలో ఓనర్ రాతపూర్వక అనుమతి లేకుండా సబ్‌లెట్ చేస్తే ఖాళీ చేయించడానికి అది ఒక కారణమేనట. కాకపోతే 2005 సవరణ తర్వాత కార్పొరేషన్ పరిధిలో నెలకి 3,500 దాటిన అద్దెలు దాని కిందికి రావు. ఈరోజు హైదరాబాద్‌లో ఏ రెండు బెడ్‌రూముల ఫ్లాట్ 3,500కి దొరుకుతుంది? కాబట్టి మనలాంటివాళ్ళకి మిగిలింది ఆ స్టాంపు పేపరు మీద ఏం రాసుకున్నామన్నదే.

చాలదని ఎందుకంటున్నానంటే, రూమ్మేట్‌ని తెచ్చుకోవడం సబ్‌లెట్ అవుతుందో లేదో ఆ లైను చెప్పదు. సబ్‌లెట్ అంటే ఇంటిని గానీ ఒక భాగాన్ని గానీ పూర్తిగా ఇంకొకరి స్వాధీనంలోకి ఇచ్చి, దానికి డబ్బు తీసుకోవడం. కోర్టులు చూసేది ప్రధానంగా ఆ స్వాధీనాన్నే. అద్దెకున్న అమ్మాయి ఇంట్లోనే ఉంటూ, హాలూ వంటిల్లూ ఇద్దరూ వాడుకుంటూ, ఖర్చు పంచుకుంటుంటే ఆమె ఇంటిని ఎవరికీ అప్పగించినట్టు కాదు. అదే ఒక గదికి విడిగా తాళమిచ్చి, నెలకింతని తీసుకుని, ఆ గదిలోకి తనే వెళ్ళలేని పరిస్థితి ఉంటే అది సబ్‌లెట్ వైపు వెళ్తుంది. ఈ రెండిటి మధ్య గీత ఎక్కడుందో వాదించుకోవడానికి సంవత్సరాలు పడుతుంది. అందుకే ఆ లైనుని చూపించి బెదిరించడం కంటే, గీత మనమే గీసుకుని కాగితం మీద పెట్టుకోవడం నయమనిపించింది.

గీత నా లెక్కలో ఇలా ఉంది. అద్దెకున్న మనిషి ఇంట్లో ఉంటోందా లేదా? ఆమెకి దీనిమీద లాభం వస్తోందా లేదా? మా అపార్ట్‌మెంటులోనే మూడో అంతస్తులో ఒక ఫ్లాట్ ఉంది, ఓనర్లు అమెరికాలో ఉంటారు. అద్దెకు తీసుకున్నతను తనుండటం మానేసి, గదికి మూడు మంచాలు వేసి మంచానికింతని వసూలు చేశాడు. ఓనర్లకి తెలిసింది అసోసియేషన్ వాళ్ళు నీళ్ళ గురించి మెయిల్ పెట్టినప్పుడు. అది నా ఇల్లయితే ఒక్కరోజు కూడా ఒప్పుకోను. అలాగే ఎవరైనా "మూడు నెలలు ఆన్‌సైట్ వెళ్తున్నా, ఈలోపు నా రూమ్ వేరేవాళ్ళకి ఇచ్చుకోనా" అంటే కూడా వద్దంటాను. ఇంట్లో ఉండని మనిషి ఇంటికి ఎలా పూచీ పడుతుంది? మా అమ్మాయి అడిగింది ఆ రెండూ కాదు. తనుంటుంది, సగం అద్దె పంచుకుంటుంది.

అద్దె పెంచాలా

ఒప్పుకోవాలనుకున్నాక మావారు వేసిన రెండో ప్రశ్న ఇది. ఇక్కడ చాలామంది కొత్త మనిషికి రెండు మూడు వేలు కలుపుతారు. "నీళ్ళు, లిఫ్టు, వాడకం అన్నీ పెరుగుతాయి కదా" అన్నారాయన.

వాడకం పెరిగేచోట ఆ మాట సరైనదే. ఒక్కరుండే ఇంటికి నలుగురొస్తే బాత్రూమ్ కుళాయి నుంచి కమోడ్ ఫ్లష్ దాకా అన్నీ త్వరగా పోతాయి. కానీ మా ఇంట్లో అక్క వెళ్తోంది, ఇంకో అమ్మాయి వస్తోంది. ఇద్దరు ఇద్దరుగానే ఉన్నారు. కరెంటు మీటరు వాళ్ళదే, బిల్లు వాళ్ళే కడతారు. మెయింటెనెన్స్ మా అపార్ట్‌మెంట్లో చదరపు అడుగుల లెక్కన, తలల లెక్కన కాదు. ఇక నేను పెంచేది దేనికి? ఒప్పుకున్నందుకు. అనుమతిని అమ్ముకోవడం నాకు నచ్చలేదు. పదకొండు నెలలకి ఒక అద్దె అని ఇద్దరం సంతకాలు పెట్టాక, అవతలివాళ్ళకి అవసరం పడిందని మధ్యలో మార్చడం న్యాయం కాదు. పెంచేదేదో మేలో కొత్త అగ్రిమెంటులో పెంచుతాను.

వాడకం నిజంగా మారింది ఒక్కచోట, పార్కింగ్. అక్కకి బండి లేదు, కొత్తమ్మాయికి స్కూటీ ఉంది. మా ఫ్లాట్‌కి ఒకటే కారు స్థలం. అందులో రెండు స్కూటీలు పడతాయి కానీ వెనకున్న స్తంభానికి ఆనించి ఒకటి అడ్డంగా పెట్టాలి. ఇది చిన్న విషయమని వదిలేస్తే పక్క ఫ్లాట్ ఆయన కారు డోరు తగిలిందని రాత్రి పదింటికి నాకు ఫోనొస్తుంది. అందుకే కొత్తమ్మాయిని చూడ్డానికి వెళ్ళినప్పుడు ముందు సెల్లార్‌లోకే వెళ్ళాం.

ఆ శనివారం సాయంత్రం సంగతి కొంచెం చెప్పాలి. అసోసియేషన్ సెక్రటరీ గారు మెట్ల దగ్గర ఎదురై "కొత్తగా కిరాయికి వస్తున్నారట, ఏమిటోళ్ళు మేడమ్?" అని అడిగారు. నాకు తెలియదన్నాను. నిజంగానే నాకు తెలియదు, అడగను కూడా. ఎక్కడ పనిచేస్తుంది, ఆధార్ ఉందా, ఇంతకుముందు ఉన్న ఇంటి ఓనర్ నంబరు ఇస్తుందా, ఇవి అడిగాను. ఏం తింటుంది, ఇంటిపేరేమిటి, ఇవి అద్దె కట్టడానికీ కట్టకపోవడానికీ సంబంధం లేని ప్రశ్నలు. పాత ఓనరమ్మకి ఫోన్ చేస్తే "మంచి పిల్లండీ, కాకపోతే బట్టలు రాత్రిపూట మిషన్లో వేస్తుంది" అంది. ఆ మాట వల్ల నాకు ఆ పిల్ల గురించి తెలియాల్సింది తెలిసింది.

కొత్తమ్మాయి స్కూటీని తనే స్తంభం వైపు తిప్పి పెట్టి, హ్యాండిల్ ఎటు ఉంచితే పక్క కారుకి తగలదో రెండుసార్లు చూసుకుంది. పైకెళ్ళాక రెండో గది గోడ మీదున్న తడి మరక చూసి "ఇది ముందునుంచీ ఉందా ఆంటీ?" అని ఫోన్లో ఫోటో తీసుకుంది. మావారికి ఆ ఫోటో నచ్చలేదు. నాకు మాత్రం భలే ధైర్యమొచ్చింది. ఇల్లు ఏ స్థితిలో తీసుకుంటోందో గుర్తుపెట్టుకునే మనిషి, ఏ స్థితిలో తిరిగివ్వాలో కూడా గుర్తుపెట్టుకుంటుంది. ఆ ఫోటోతో పాటు నేనూ ఇల్లంతా ఫోటోలు తీసి ముగ్గురం ఉన్న గ్రూపులో పెట్టాను.

పేరు ఎక్కడ రాయాలి

లాయరుతో నాకు తేడా వచ్చింది ఇక్కడే. ఆయన సలహా ఇది: "అక్కా, అగ్రిమెంటు పాతమ్మాయి పేరు మీదే ఉంచు. కొత్తమ్మాయి అక్కడ ఉండటానికి నీకు అభ్యంతరం లేదని ఒక ఉత్తరం ఇవ్వు. పాతమ్మాయి వెళ్ళిన రోజున కొత్తమ్మాయి కూడా వెళ్ళాలని అందులో రాయి. నీకు జవాబుదారీ ఒక్కరే ఉంటారు. ఇద్దరికీ హక్కులిచ్చావంటే రేపు వాళ్ళు కొట్టుకుంటే ఒకరిని పంపించలేవు."

ఈ వాదనలో బలముంది. ఇద్దరూ అద్దెదారులైతే కొత్తమ్మాయికి కూడా ఆ ఇంట్లో ఉండే హక్కు నేరుగా వస్తుంది. పాతమ్మాయి "ఈమెతో పడట్లేదు, పంపించేయండి ఆంటీ" అంటే నేను పంపించలేను. రెండు రోజులు ఈ మాట నన్ను వదల్లేదు.

కానీ ఉత్తరం పద్ధతిలో కొత్తమ్మాయి పరిస్థితి ఏమిటి? ఆమె నెలనెలా పన్నెండు వేలు పాతమ్మాయికి ఇస్తుంది. పాతమ్మాయి అది నాకు కట్టకపోతే ఇద్దరూ రోడ్డున పడతారు, కట్టిన పిల్లకి చూపించుకోవడానికి నా రసీదు కూడా ఉండదు. ఆఫీసులో పన్ను మినహాయింపుకి ఆ అద్దె చూపించుకోలేదు. పోనీ పాతమ్మాయి మొత్తం 24,000కి రసీదులు చూపిస్తే, తను కట్టని సగానికి కూడా మినహాయింపు తీసుకున్నట్టవుతుంది. ఇద్దరికీ విడివిడిగా పన్నెండేసి వేలకి నేను రసీదులిస్తే ఎవరి లెక్క వాళ్ళది, నా ఆదాయం ఎలాగూ అదే. ఇక వాళ్ళ మధ్య గొడవొస్తే, కాగితం మీద పేరున్నా లేకపోయినా ఆ ఫోను నాకే వస్తుంది. బెంగళూరు అబ్బాయి విషయంలో రాలేదా?

జవాబుదారీ విషయంలో లాయరే తర్వాత ఒక దారి చూపించాడు. 1872 కాంట్రాక్టు చట్టంలో 43వ సెక్షన్ ప్రకారం ఇద్దరు కలిసి ఒక మాటిస్తే, వేరే రాసుకోనంతవరకు, మొత్తాన్ని ఇద్దరిలో ఎవరి దగ్గరైనా అడగవచ్చు. కట్టినవాళ్ళు రెండోవాళ్ళ దగ్గర వాళ్ళ వాటా రాబట్టుకుంటారు. అంటే ఇద్దరిని చేర్చుకోవడం వల్ల నాకు పూచీ సగమవదు. కేంద్రం 2021లో రాష్ట్రాలకి పంపిన నమూనా అద్దె చట్టం కూడా సబ్‌లెట్‌కి అదనపు ఒప్పందం రాసుకోమనే అంటుంది. రాష్ట్రాలు తీసుకుంటే తప్ప అది అమల్లోకి రాదు. అయినా కాగితం ఉండాలన్న దిక్కు మాత్రం అదే.

వందరూపాయల స్టాంపు పేపరు మీద, పాత అగ్రిమెంటుకి అనుబంధంగా, ఒకటిన్నర పేజీ రాయించాం. టైపిస్టు దగ్గర దీనికి నమూనా లేదు, నేనే కాగితం మీద రాసి తీసుకెళ్ళాను. అసలు మాటలు ఇవి:

"డిసెంబరు 1 నుంచి రెండో అద్దెదారు కూడా పై ఒప్పందంలో చేరుతున్నారు. గడువు మారదు, ఏప్రిల్ 30తో ముగుస్తుంది. నెలకి 24,000 రూపాయల అద్దెకు ఇద్దరూ ఉమ్మడిగానూ విడివిడిగానూ బాధ్యులు. ఓనర్ దగ్గరున్న 48,000 రూపాయల అడ్వాన్స్‌లో 24,000 రూపాయలు రెండో అద్దెదారు ఈరోజు మొదటి అద్దెదారుకు బదిలీ చేశారు, ఇకపై అది ఇద్దరికీ చెరిసగం. ఉమ్మడి భాగాలకు జరిగిన నష్టం చెరిసగం, ఎవరి గదిలో నష్టం వారిది. ఎవరు ఖాళీ చేసినా నెల ముందు రాతపూర్వకంగా చెప్పాలి. మిగిలినవారు పూర్తి అద్దె కట్టాలి, లేదా ఓనర్ ఒప్పుకున్న మరొకరిని ఇదే విధంగా చేర్చుకోవాలి."

అడ్వాన్స్ లైను మీదే ఎక్కువసేపు కూర్చున్నాం. నేను కొత్తమ్మాయి దగ్గర 24,000 తీసుకుని పాతమ్మాయికి ఇవ్వవచ్చు, లేదా వాళ్ళలో వాళ్ళు పంపుకోవచ్చు. ఎలాగైనా సరే కానీ కాగితంలో ఎక్కాలన్నాను. నా ముందే ఫోన్లో డబ్బు పంపింది, ఆ లావాదేవీ నంబరుని టైపిస్టు చేత లైను పక్కనే టైప్ చేయించాను. ఏడేళ్ళ కిందట ఈ ఒక్క లైను ఉండి ఉంటే ఆ బెంగళూరు అబ్బాయి పదిహేను వేలు ఉన్నాయో లేవో నిమిషంలో తేలేది. పోలీసు వెరిఫికేషన్‌కి కొత్తమ్మాయి వివరాలిచ్చాం, అసోసియేషన్ రిజిస్టర్లో పేరు రాయించాం.

ఇంకొక జాగ్రత్త. కాగితం రాయకముందు కొత్తవాళ్ళ అకౌంట్ నుంచి అద్దె తీసుకోకండి. వాళ్ళ పేరుతో నెలనెలా డబ్బు మీ అకౌంట్లో పడుతుంటే, మీరు వాళ్ళని అద్దెదారుగా ఒప్పుకున్నారనడానికి అదే సాక్ష్యమవుతుంది, అదీ షరతులేవీ లేకుండా.

ఫిబ్రవరిలో

ఈ కాగితానికి పరీక్ష త్వరగానే వచ్చింది. జనవరి ఆఖర్లో పాతమ్మాయికి చెన్నైలో ఉద్యోగం వచ్చింది. నెల నోటీసు మెయిల్లో పెట్టింది. ఫిబ్రవరి 28న వెళ్ళి ఇల్లు చూశాను. ఆమె గదిలో తలుపు వెనక కొక్కెం ఊడిపోయిన చోట సిమెంటు లేచింది, మూడొందలు పట్టుకున్నాను. వంటింట్లో చిమ్నీ క్లీనింగ్ ఇద్దరి వాటా. మిగతాది అదేరోజు ఆమె అకౌంట్‌కి పంపించాను. మొత్తం లెక్కకి ఇరవై నిమిషాలు కూడా పట్టలేదు.

కష్టమైంది ఉండిపోయిన అమ్మాయితో. మార్చి మొదటివారానికి ఆమెకి రూమ్మేట్ దొరకలేదు. కాగితం ప్రకారం 24,000 ఆమే కట్టాలి. మూడో తారీఖున మొత్తం పంపించింది, ఏమీ అనలేదు. కింద మెసేజ్‌లో "పంపించాను ఆంటీ" అని మాత్రం ఉంది. ఆ పిల్ల జీతమెంతో నాకు సుమారుగా తెలుసు. డబ్బు తీసుకుని కూర్చోవడం ఇబ్బందిగా అనిపించింది. మావారిని అడిగితే, ఆశ్చర్యంగా ఆయనే "సగం వెనక్కి పంపిద్దామా" అన్నారు. పంపలేదు. అలా పంపిస్తే ఆ లైనుకి అర్థం ఉండదు, రేపు ఇంకొకరు వెళ్ళిపోయినప్పుడు ఏది మామూలో తెలియదు. అదే సమయంలో, ఆమె వెతుక్కునే స్థితిలో లేదని తెలిసీ పూర్తి అద్దె తీసుకోవడం సరైనదేనా అన్నది నాకింకా తేలలేదు. చివరికి ఏప్రిల్ అద్దెకి గడువు ఐదో తారీఖు నుంచి పదిహేనుకి జరిపాను. ఈలోపు కొత్త మనిషి దొరికింది, మళ్ళీ స్టాంపు పేపరు, మళ్ళీ అదే ఒకటిన్నర పేజీ. ఈసారి టైపిస్టు దగ్గర నమూనా ఉంది.

లాయరు చెప్పిన భయం, ఇద్దరూ కొట్టుకుంటే ఎవరినీ పంపలేవన్నది, ఇంతవరకూ జరగలేదు. జరగదని అనను. జరిగితే గడువయ్యేదాకా భరించాలి, పదకొండు నెలల్లో మిగిలింది ఎంతో అంత. మధ్యలో చేర్చుకునేటప్పుడు గడువు కొత్తగా మొదలుపెట్టకుండా పాత తేదీనే ఉంచడంలో నా ఉద్దేశం అదే.

మేలో కొత్త అగ్రిమెంటు రాసేటప్పుడు "సబ్‌లెట్ చేయరాదు" అన్న పాత లైను తీయించి, ఇలా రాయించాను: "ఈ ఒప్పందంలో పేరు లేని వ్యక్తి వరుసగా పదిహేను రోజులకు మించి ఇంట్లో ఉండాలంటే ఓనర్‌కు రాతపూర్వకంగా చెప్పాలి. అద్దెదారు ఇంట్లో ఉంటూ మరొకరిని చేర్చుకోదలిస్తే, ఉద్యోగం, గుర్తింపు వివరాలు సరిగా ఉన్నంతవరకు ఓనర్ కారణం లేకుండా కాదనరు. అద్దెదారు ఇంట్లో ఉండకుండా ఇంటిని గానీ, గదిని గానీ ఇతరులకు ఇవ్వరాదు."

సంతకం పెట్టేముందు ఆ అమ్మాయి మొదటి లైను దగ్గర ఆగి, "మా అమ్మ వేసవిలో వచ్చి నెలరోజులుంటుంది ఆంటీ, అప్పుడు కూడా మెయిల్ పెట్టాలా?" అని అడిగింది. పెన్ను తీసుకుని ఆ లైను చివర "తల్లిదండ్రులకు, తోబుట్టువులకు ఇది వర్తించదు" అని రాసి, పక్కన ముగ్గురం పొట్టిసంతకాలు పెట్టాం.